‘సారీ సర్’ తర్వాత ఏం మాట్లాడాలి?

*మేడమ్ గారూ, నమస్తే. మాది ఖమ్మం జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. హైదరాబాద్‌లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి వెళ్తే కంప్యూటర్ మీద పెట్టిన ఇంగ్లీషు టెస్ట్ పాసయ్యాను కానీ ఫోన్ రోల్‌ప్లేలో పోయింది. రీఫండ్ రాలేదని ఒకాయన కస్టమర్‌లా అరిచారు. నేను ప్రతి మాటకీ సారీ సర్ అన్నాను, ప్లీజ్ కామ్ డౌన్ అన్నాను. చివరికి ‘పొలైట్‌గానే ఉన్నావు, కంప్లైంట్ మాత్రం హ్యాండిల్ చెయ్యలేదు’ అన్నారు. పది రోజుల్లో ఇంకో కంపెనీలో టెస్ట్ ఉంది. ఏం చెయ్యమంటారు?*
*— ఒక పాఠకురాలు*

ఆయన అన్న మాట కటువుగా ఉన్నా సరైనదే. నేను వాయిస్ ప్రాసెస్‌లో కొన్నేళ్ళు కాల్స్ తీసుకుని, తర్వాత క్వాలిటీ టీమ్‌లో కూర్చుని ఇతరుల కాల్స్ వింటూ మార్కులు వేసేదాన్ని. దాదాపు ఇదే వాక్యం ఎన్ని షీట్ల మీద రాశానో లెక్కలేదు. కంప్యూటర్ టెస్ట్ మీరు దాటేశారు కాబట్టి దాని జోలికి పోను. అది మీరు విన్నది సరిగ్గా తిరిగి చెప్పగలరా, నోరు తిరుగుతుందా అన్నది చూస్తుంది. రోల్‌ప్లేలో అవతలి మనిషి చూసేది వేరు.

ముందు ఈ మర్యాద సంగతి తేల్చుకుందాం. తెలుగులో మర్యాద మాట చివర ఉంటుంది. చెప్పండి, ఇవ్వండి, సుబ్బారావు గారు. ఆ తోక ఉంటే చాలు, ముందున్నది ఆజ్ఞ అయినా చెవికి మెత్తగా వినిపిస్తుంది. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి తోక పెట్టుకునే చోటు దొరకదు. అందుకే మనం ఆ ఖాళీలో సర్ పెడతాం, సారీ పెడతాం. ‘టెల్ మీ యువర్ ఆర్డర్ నంబర్ సర్’ అన్నప్పుడు మన మనసులో ఉన్నది ‘నంబర్ చెప్పండి సర్’. అవతల వినిపించేది ‘నంబర్ చెప్పు’. ‘వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్’ కూడా అంతే. మనం ‘మీ సమస్య ఏంటండీ’ అనే అనుకుంటాం, అది మాత్రం ‘నీ బాధేంటి’ అన్నట్టు తగులుతుంది.

ఇంగ్లీషు మర్యాద వాక్యం మొదట్లో ఉంటుంది. ‘కుడ్ యు’, ‘మే ఐ’, ‘వుడ్ యు మైండ్’ అని మొదలుపెడితే, సర్ ఒక్కసారి కూడా అనకపోయినా ఆ వాక్యం మర్యాదగానే ఉంటుంది. ‘కుడ్ ఐ హావ్ యువర్ ఆర్డర్ నంబర్, ప్లీజ్?’ అని ఒకసారి పైకి అనండి. సర్ లేదన్న లోటు తెలియదు. కాబట్టి ఈ పది రోజుల్లో మొదటి పని, మీ నోట్‌బుక్‌లో ఉన్న ఆజ్ఞలన్నిటినీ ప్రశ్నలుగా మార్చి రాసుకోవడం. ‘వెయిట్’ అన్నది ‘వుడ్ యు మైండ్ హోల్డింగ్ ఫర్ ఎ మినిట్?’ అవుతుంది. ‘రిపీట్ వన్స్’ అన్నది ‘కుడ్ యు సే దట్ వన్స్ మోర్, ప్లీజ్?’ అవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోండి, నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నది మీ చెవి కోసం.

ఇక ‘కామ్ డౌన్’. ఇంట్లో కోపంగా ఉన్న మీ నాన్నగారితో ‘కాస్త శాంతించండి’ అని చూడండి, ఏమవుతుందో మీకే తెలుసు. ‘తప్పు నా సమస్యలో లేదు, నా అరుపులో ఉంది అంటోంది ఈ అమ్మాయి’ అనిపిస్తుంది వినేవాళ్ళకి. ఆ మాట అసలు వాడొద్దు. దాని బదులు చెయ్యాల్సింది నోరు మూసుకుని రాసుకోవడం. రోల్‌ప్లే మొదట్లో కస్టమర్ వేషంలో ఉన్న టీమ్ లీడర్ అర నిమిషం పాటు ఊపిరి తిప్పుకోకుండా అరుస్తారు. మధ్యలో దూరతారా లేదా అని చూడటానికే ఆ అర నిమిషం. ‘ఐ సీ’, ‘రైట్’ అని ఒకటి రెండుసార్లు అనండి, లైన్‌లో ఉన్నారని తెలియడానికి. ఆ లోపు కాగితం మీద మూడు విషయాలు రాసుకోవాలి. ఆయనకి జరిగిన నష్టం ఏంటి, ఎన్నాళ్ళయింది, ఇంతకుముందు మన కంపెనీ ఏం చెప్పి పంపింది. ఈ మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. నిజానికి కోపమంతా అక్కడే ఉంటుంది.

ఒక కాల్ పూర్తిగా చూద్దాం. మీకిచ్చే కాగితంలో మహా అయితే నాలుగు వాక్యాలు ఉంటాయి. కస్టమర్ ఆన్‌లైన్‌లో మిక్సీ కొన్నారు, డబ్బు డెలివరీ అప్పుడు నగదుగా ఇచ్చారు. జార్ పగిలి వచ్చింది, వెనక్కి పంపేశారు. 12 రోజులైనా 3,450 రూపాయలు రాలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే ఇద్దరూ వెయిట్ చెయ్యమన్నారు. చదువుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు టైమ్ ఇస్తారు. ఆ రెండు నిమిషాలు ఇంగ్లీషు వాక్యాలు అల్లుకోవడానికి ఖర్చు చెయ్యొద్దు. కాగితం అంచున రెండు గళ్ళు గీసి, ఒకదాంట్లో నేను చెయ్యగలిగేవి, రెండోదాంట్లో నేను మాట ఇవ్వకూడనివి రాయండి. డబ్బు రేపే పడుతుందని చెప్పడం రెండో గడిలోకి వెళ్తుంది, ఎందుకంటే బ్యాంకు మీ చేతిలో లేదు. లింక్ పంపడం, మళ్ళీ ఫోన్ చెయ్యడం మొదటి గడిలోవి.

ఆయన అరవడం అయింది. ఇప్పుడు మీ మొదటి వాక్యం. ‘సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్’ అనొద్దు. ఆ మాట రైల్వే స్టేషన్ మైకులో విని విని అందరికీ అరిగిపోయింది. సారీ ఒక్కసారి చెప్పండి, కానీ దేనికి చెబుతున్నారో అందులో ఉండాలి. ‘ఐ యామ్ సారీ, ఇట్స్ బీన్ ట్వెల్వ్ డేస్ అండ్ యు హావ్ హాడ్ టు కాల్ అస్ త్రీ టైమ్స్ ఫర్ దిస్.’ పన్నెండు రోజులైంది, ఇది మూడో ఫోన్. ఈ రెండూ ఆయన చెప్పినవే, మీరు తిరిగి చెప్పారు. నా అనుభవంలో అరిచే మనిషి గొంతు దిగేది సరిగ్గా ఇక్కడే. ఈ అమ్మాయి విన్నది అని నమ్మకం కుదురుతుంది. ‘ఐ కెన్ అండర్‌స్టాండ్ యువర్ ఫ్రస్ట్రేషన్’ అన్న వాక్యం మీకు కోచింగ్‌లో నేర్పే ఉంటారు. తప్పేం కాదు, కాకపోతే మార్కులు వేసేవాళ్ళు ఆ రోజు దాన్ని పొద్దుట్నుంచీ వింటూ ఉంటారు.

వెంటనే రెండో వాక్యం రావాలి, ఆలస్యం లేకుండా. ‘ఐ విల్ ఫైండ్ అవుట్ వేర్ యువర్ మనీ ఈజ్. కుడ్ ఐ హావ్ యువర్ ఆర్డర్ నంబర్, ప్లీజ్?’ ముందు ఎందుకో చెప్పి, తర్వాత అడగడం. షీటులో ఓనర్‌షిప్ అనే గడి ఒకటి ఉంటుంది, దాని అర్థం ఇదే. ‘నేను చూస్తాను’ అన్న మాట కాల్ మొదటి నిమిషంలోనే వినపడాలి. ‘ఐ విల్ డు ది నీడ్‌ఫుల్’ అంటే ఆ గడి నిండదు. ఏం చేస్తారో అందులో లేదు, ఎప్పుడు చేస్తారో లేదు.

ఆర్డర్ నంబర్ చెప్పగానే తిరిగి చదివి వినిపించండి. మూడేసి, నాలుగేసి అంకెలుగా విడగొట్టి చదవాలి. ఫోన్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినపడతాయి కాబట్టి ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అనండి. అక్షరాలు వస్తే ‘బి ఫర్ బ్రావో, ఎమ్ ఫర్ మైక్, ఎన్ ఫర్ నవంబర్’ అంటూ చెప్పే పద్ధతి ఒకటి ఉంది, 26 అక్షరాలకీ 26 పదాలు. రెండు రోజుల్లో వచ్చేస్తుంది. టెస్ట్‌లో అది తడుముకోకుండా చెప్పేవాళ్ళని చూస్తే ‘ఈ పిల్ల ఫ్లోర్ మీదికి పనికొస్తుంది’ అనుకునేవాళ్ళం.

తర్వాత ప్రశ్నలు అడగాలి. మన తెలుగు ఇక్కడ ఇంకోసారి అడ్డం పడుతుంది. మనం ‘మెసేజ్ వచ్చిందా’ అని చివర దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది. అదే అలవాటుతో ‘యు రిసీవ్డ్ ఎనీ మెసేజ్?’ అనేస్తాం. కొంచెం జాగ్రత్తపడితే ‘డిడ్ యు రిసీవ్డ్’ అంటాం, అదీ తప్పే. డిడ్ వచ్చిందంటే తర్వాతి మాట మామూలు రూపంలో ఉండాలి: ‘డిడ్ యు రిసీవ్ ఎనీ మెసేజ్ ఫ్రమ్ అస్ ఆఫ్టర్ ది పికప్?’ కాల్ మొత్తంలో మీరు అడిగేది నాలుగైదు ప్రశ్నలే. వాటిలో గ్రామర్ తప్పులు లేకపోతే మిగతా చోట్ల ఒకటి రెండు దొర్లినా పెద్దగా పట్టించుకోరు.

ఇప్పుడు చూసి చెప్పాలి. చూడటానికి మీ ముందు ఏ స్క్రీనూ ఉండదు. చాలామంది బిగుసుకుపోయేది సరిగ్గా ఇక్కడే. కారణం మీరే కల్పించుకోవాలి. నమ్మేలా ఉండేది ఒకటి ఎంచుకుని చివరిదాకా దానిమీదే నిలబడండి. మధ్యలో మార్చారంటే దొరికిపోతారు. నగదు ఇచ్చి కొన్నవాటికి రీఫండ్ సాధారణంగా బ్యాంకు ఖాతాకి పంపుతారు కాబట్టి, ఖాతా నంబర్ తప్పు పడి డబ్బు వెనక్కి వచ్చేసింది అనుకుందాం.

దానికి ముందు హోల్డ్. ‘వన్ మినిట్ సర్’ అని మాయమైపోకూడదు. ఎందుకో చెప్పాలి, ఎంతసేపో చెప్పాలి, ఒప్పుకున్నాక ఆగాలి. ‘ఐ నీడ్ టు చెక్ విత్ అవర్ పేమెంట్స్ టీమ్. ఇట్ మే టేక్ టూ మినిట్స్. వుడ్ యు లైక్ టు హోల్డ్?’ అని అడిగి, ఆయన సరే అన్నాకే. తిరిగి రాగానే ‘థ్యాంక్ యు ఫర్ వెయిటింగ్.’ హోల్డ్ పెట్టకుండా ఊరికే మౌనంగా ఉంటే దాన్ని డెడ్ ఎయిర్ అంటారు, మార్కులు పోతాయి. ఏదైనా ఆలోచించుకోవాలంటే ఆ ఆలోచననే పైకి అనండి: ‘ఐ యామ్ జస్ట్ ఓపెనింగ్ యువర్ ఆర్డర్.’ నాలుగు సెకన్లు మీకు దొరుకుతాయి.

కారణం చెప్పే తీరు కూడా ముఖ్యమే. తప్పు కస్టమర్‌దే కావచ్చు. ‘యు గేవ్ ద రాంగ్ అకౌంట్ నంబర్’ అంటే మళ్ళీ మొదటికొస్తుంది. తెలుగులో మనకి ఈ నేర్పు బాగానే ఉంది. ఎదుటివాళ్ళది తప్పని తెలిసినా ‘నంబర్ ఎక్కడో తేడా పడినట్టుందండీ’ అంటాం, ‘మీరు తప్పు చెప్పారు’ అనం. అదే నేర్పు ఇంగ్లీషులోకి తీసుకెళ్ళాలి. ‘ఇట్ లుక్స్ లైక్ ది అకౌంట్ నంబర్ డిడ్ నాట్ మ్యాచ్, సో ది బ్యాంక్ సెంట్ ది మనీ బ్యాక్ టు అస్.’ ‘యు’ అన్న మాటే అందులో లేదు, చూడండి.

ఇక్కడ ఒక ఉచ్చు పన్నుతారు, కాస్త జాగ్రత్త. కస్టమర్ విసుగ్గా ‘సరే, నా కార్డు నంబర్, ఓటీపీ అన్నీ రాసుకో, డబ్బు మాత్రం వేసెయ్’ అంటారు. పాపం సాయం చేద్దామని రాసుకోవడం మొదలుపెట్టారో, మిగతా కాల్ ఎంత బాగా మాట్లాడినా పోయినట్టే. క్వాలిటీ భాషలో దాన్ని ఫేటల్ అంటారు, మొత్తం కాల్‌కి సున్నా. ఓటీపీ, పిన్, కార్డు వెనకున్న మూడంకెలు ఎప్పుడూ అడక్కూడదు, చెప్పబోతుంటే ఆపాలి. ఆపడానికి మాత్రం మధ్యలో దూరొచ్చు: ‘ఐ యామ్ సారీ టు ఇంటరప్ట్. ఫర్ యువర్ సేఫ్టీ, ప్లీజ్ డోంట్ షేర్ యువర్ ఓటీపీ విత్ ఎనీవన్, ఈవెన్ అస్.’ ఖాతా వివరాలు సరిచేసుకోవడానికి ఆయన రిజిస్టర్డ్ మొబైల్‌కి లింక్ పంపుతానని చెప్పండి.

ఈపాటికి ఆయన తప్పకుండా ‘మీ మేనేజర్‌ని పిలు’ అంటారు. అది కోపం కాదు, పరీక్ష పేపర్లో మామూలుగా వచ్చే ప్రశ్న. ‘హీ ఈజ్ నాట్ అవైలబుల్’ అనొద్దు. కుదరదని మొదలుపెట్టకుండా అవునని మొదలుపెట్టండి: ‘షూర్, ఐ కెన్ అరేంజ్ దట్. బిఫోర్ ఐ డు, మే ఐ టెల్ యు వాట్ ఐ ఫౌండ్? ఇట్ విల్ టేక్ ఎ మినిట్.’ చాలాసార్లు అక్కడితో ఆగిపోతారు. విన్న తర్వాత కూడా మేనేజరే కావాలంటే కలిపేస్తున్నానని చెప్పండి, పట్టుదలకి పోవద్దు. నష్టపరిహారంగా ఐదువేలు ఇవ్వమంటే మాత్రం లేదనే చెప్పాలి. లేదని చెప్పి ఆగిపోకుండా వెంటనే చెయ్యగలిగింది చెప్పాలి: ‘ఐ యామ్ నాట్ ఏబుల్ టు ఆఫర్ దట్. వాట్ ఐ కెన్ డు ఈజ్...’ అని మొదటి గడిలో రాసుకున్నవి చదవండి.

ఆ గడిలోవి ఎలా చెప్పాలంటే, ఎవరు, ఏం, ఎప్పటికి అన్న మూడూ ఉండేలా. ‘ఐ యామ్ సెండింగ్ యు ది లింక్ నౌ. వన్స్ యు అప్‌డేట్ ఇట్, వి విల్ సెండ్ ది రీఫండ్ అగైన్ టుడే. బ్యాంక్స్ యూజువలీ టేక్ టూ టు త్రీ వర్కింగ్ డేస్. ఐ విల్ కాల్ యు ఆన్ థర్స్‌డే బిఫోర్ ఫైవ్ టు చెక్.’ మీ చేతిలో ఉన్నవాటికి ‘ఐ విల్’ అని గట్టిగా అన్నారు, బ్యాంకు విషయానికి ‘యూజువలీ’ అన్నారు. ఈ తేడా తెలిసినవాళ్ళు అక్కర్లేని మాట ఇచ్చి ఇరుక్కోరు. మన ఆఫీసుల్లో కౌంటర్ దగ్గర ‘రెండ్రోజులాగి రండి’ అని పంపేస్తారు చూడండి, రెండ్రోజులాగి ఎవరిని కలవాలో, అప్పటికి ఏమవుతుందో చెప్పరు. ఇంతకుముందు ఆయన చేసిన రెండు ఫోన్లలోనూ జరిగింది అదే.

ముగించేటప్పుడు ‘ఈజ్ దేర్ ఎనీథింగ్ ఎల్స్ ఐ కెన్ హెల్ప్ యు విత్ టుడే’ అన్న వాక్యం అందరూ అప్పజెబుతారు. కొన్ని కంపెనీలు అది ఉండి తీరాలంటాయి కాబట్టి వదిలెయ్యమని చెప్పలేను. నాకైతే 12 రోజులు వేధించాక ఇంకేమైనా కావాలా అనడం ఎగతాళిలా వినిపిస్తుంది. దానికి ముందు ఒక చిన్న వాక్యం చేర్చండి: ‘సో, లింక్ టుడే, అండ్ మై కాల్ ఆన్ థర్స్‌డే. ఈజ్ దట్ ఓకే విత్ యు?’ ఆయన సరే అన్నాక ఆ అప్పజెప్పుడు వాక్యం అనుకోండి.

ఉచ్చారణ గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క మాట. యాస మార్చుకోవద్దు, పది రోజుల్లో మారదు, మార్చబోతే ఇంకా అర్థం కాదు. రెండు సంగతులు చూసుకుంటే చాలు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి మనం ‘కార్డు’, ‘బ్యాంకు’ అని చివర ఉకారం తగిలిస్తాం. దాన్ని కోసెయ్యండి. ఇంకొకటి, జీరోలో మొదటి శబ్దం. జామకాయలో జ కాదది, నాలిక పైకి తగలకుండా ‘స’ అంటూ గొంతు కలిపితే వచ్చేది. రీఫండ్ కాల్‌లో సున్నాలు ఎక్కువ, ఆ మాట పదిసార్లు వస్తుంది.

ప్రాక్టీస్‌కి ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే కస్టమర్‌ని చెయ్యండి. వాళ్ళు తెలుగులోనే అరవొచ్చు, మీరు మాత్రం ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. ఎదురెదురుగా కూర్చోవద్దు. మొహం కనిపిస్తే తలూపి సరిపెట్టేస్తాం, ఫోన్‌లో తలూపినా వినపడదు. వీపులు ఆనించి కూర్చుని, మీ ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. రోజుకొక కాగితం మార్చండి: ఒకరోజు రీఫండ్, ఒకరోజు రెండుసార్లు కట్టించుకున్న బిల్లు, ఒకరోజు పెళ్ళికి రెండు రోజుల ముందు రావాల్సిన చీర రాలేదు. తర్వాత ఒక్కరే కూర్చుని విని మూడు లెక్కలు వెయ్యండి. సారీ ఎన్నిసార్లు వచ్చింది, మూడు సెకన్లకి మించిన మౌనాలు ఎన్ని, ‘ఐ విల్’ అని మొదటిసారి ఎన్నో సెకనులో అన్నారు. మొదటిరోజు ‘ఐ విల్’ కాల్ చివర్లో గానీ రాదు. టెస్ట్ నాటికి అది మొదటి నిమిషంలోకి వచ్చిందా లేదా చూసుకోండి. రికార్డింగులు తుడిచెయ్యకుండా ఉంచుకుంటే తేడా మీకే వినిపిస్తుంది.